స్టేషన్‌లో కంప్లైంటు తీసుకోకపోతే ఎస్.పి. గారికి ఉత్తరం ఎలా రాయాలి

ఎస్.పి. గారికి పెట్టుకునే అర్జీలు నేను చాలా చూశాను. సగానికి పైగా ఒకే తీరుగా ఉంటాయి. మొదటి పేజీ అంతా ఎస్.ఐ. ఎలా కసురుకున్నాడో, రైటర్ ఎన్నిసార్లు తిప్పాడో, అవతలివాళ్ళకి ఏ నాయకుడి అండ ఉందో రాస్తారు. అసలు దెబ్బలు ఎవరు కొట్టారు, ఎప్పుడు, దేనితో అన్నది చివర రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ అర్జీ చదివిన అధికారికి స్టేషన్ మీద మీకున్న కోపం తెలుస్తుంది గానీ నేరం కనపడదు. చట్టం ఎస్.పి. గారిని చూడమన్నదేమో నేరాన్ని. అందుకే ఈ ఉత్తరంలో మూడొంతులు జరిగిన సంగతి ఉండాలి, స్టేషన్ గురించి నాలుగైదు వాక్యాలు చాలు.

ఈ ఉత్తరానికి ఆధారం భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2023లోని 173వ సెక్షను. 2024 జులై 1 నుంచి పాత సి.ఆర్.పి.సి. స్థానంలో ఇది అమల్లో ఉంది. అందులో నాలుగో ఉపసెక్షను చెప్పేది ఇది: స్టేషన్‌లో సమాచారం నమోదు చేసుకోకపోతే, ఆ సమాచార సారాంశాన్ని రాతపూర్వకంగా, పోస్టులో, జిల్లా ఎస్.పి.కి పంపవచ్చు. అది వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగే నేరమని, అంటే కాగ్నిజబుల్ నేరమని ఎస్.పి. నమ్మితే తానే దర్యాప్తు చేయాలి, లేదా కింది అధికారితో చేయించాలి. అది కూడా జరగకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు. పాత చట్టంలో ఇదే సంగతి 154(3)లో ఉండేది. టైపు సెంటర్లలో పాత నమూనాలు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి సెక్షను నంబరు ఒకసారి చూసుకోండి.

ఒక ఉదాహరణ పట్టుకుని వెళదాం. ఉత్తరాంధ్రలో రాజాం వైపు ఒక పల్లె. ఒక రైతు తెల్లవారి వరిమడికి నీరు కట్టుకోవడానికి వెళ్ళాడు. పక్క మడి అతని చిన్నాన్న కొడుకుది. అతను గట్టు తవ్వుతున్నాడు. ఎందుకు తవ్వుతున్నావని అడిగితే మాటా మాటా పెరిగి, పార తిరగేసి దాని కర్రతో కొట్టాడు. ఎడమ ముంజేయి ఎముక విరిగింది. స్టేషన్‌కి వెళితే, ‘గట్టు తగాదా సివిల్ మేటరు బావూ, ఎమ్మార్వో దగ్గరికెళ్ళి సర్వే చేయించుకో’ అని పంపేశారు.

మన జిల్లాల్లో ఎక్కువగా వినపడే జవాబు ఇదే. గట్టు ఎవరిదన్నది నిజంగానే సివిల్ తగాదా. దాన్ని ఎస్.పి. తేల్చడు, తేల్చలేడు. చెయ్యి విరగ్గొట్టడం మాత్రం ముమ్మాటికీ నేరం. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయంగా లెక్కిస్తుంది, ఏడేళ్ళ వరకు శిక్ష ఉంది, పోలీసులు నేరుగా కేసు కట్టాల్సినదే. ఈ రెండింటినీ ఉత్తరంలో విడదీసి చూపించగలిగితే మీ పని సగం అయినట్టే. సర్వే నంబర్లు, పాస్‌బుక్కు, తాతల నాటి పంపకాలు అన్నీ ఎక్కిస్తే మాత్రం ‘చూశారా, సివిలే’ అనడానికి మీరే కాగితం ఇచ్చినట్టవుతుంది.

ఉత్తరానికి ముందు ఒక పని ఉంది, దాన్ని దాటవేయకండి. స్టేషన్‌కి మీరు నిజంగా సమాచారం ఇచ్చారని చూపించే రుజువు కావాలి. నోటితో చెప్పినా చట్టప్రకారం సరిపోతుంది. వాళ్ళు రాసుకుని, మీకు చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. కానీ తరవాత ‘అసలు రానే లేదు’ అంటే మీ దగ్గర ఏమీ ఉండదు. కాబట్టి కంప్లైంటు కాగితం రెండు ప్రతులు రాసి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ అడగండి. ఇవ్వనంటే గొడవ పడొద్దు. అదే కాగితాన్ని అక్షరం మార్చకుండా స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేరిట పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఈమెయిల్‌లోనూ పంపవచ్చు, అయితే మూడు రోజుల్లోగా వెళ్ళి దాని మీద సంతకం పెడితేనే అది నమోదుకు వస్తుంది. నేరం ఈ స్టేషన్ హద్దులో జరగలేదన్న సాకు ఇప్పుడు చెల్లదు. ఎక్కడ జరిగినా ముందు తీసుకుని, తరవాత అసలు స్టేషన్‌కి పంపాలి. జీరో ఎఫ్.ఐ.ఆర్. అనేది దీన్నే.

ఇంతకీ ‘తీసుకోలేదు’ అని ఎప్పుడు అనాలి? ‘తీసుకోం’ అని ముఖాన చెప్పేవాళ్ళు తక్కువ. ‘ఎస్.ఐ. గారు బందోబస్తులో ఉన్నారు, రేపు రా’ అంటారు. రెండు పార్టీల్నీ పిలిచి కూర్చోబెడతామంటారు. పిటిషన్ తీసుకుని రసీదు ఇచ్చి, ఎంక్వయిరీలో ఉందంటారు. పిటిషన్ రసీదు ఎఫ్.ఐ.ఆర్. కాదు. ఎఫ్.ఐ.ఆర్. అయితే క్రైమ్ నంబరు, దాని పక్కన సంవత్సరం, కట్టిన సెక్షన్లు ఉంటాయి, దాని ప్రతి మీకు ఉచితంగా ఇవ్వాలి. ఆ నంబరు లేదంటే కేసు లేనట్టే.

ముందస్తు విచారణ అనే మాటలో కొంత నిజం ఉంది. మూడేళ్ళు లేదా అంతకు మించి, ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరాల్లో డి.ఎస్.పి. అనుమతి తీసుకుని, పద్నాలుగు రోజుల్లో ముగించేలా ప్రాథమిక విచారణ చేయవచ్చని 173(3) చెబుతోంది. మన రైతు కేసు దీని కిందికి రాదు, ఎందుకంటే అక్కడ శిక్ష ఏడేళ్ళ వరకు ఉంది, ఏడేళ్ళ లోపు కాదు. మీ కేసు దాని కిందికి వస్తే మాత్రం డి.ఎస్.పి. అనుమతి ఏ తేదీన తీసుకున్నారని మర్యాదగా అడగండి, ఆ పద్నాలుగు రోజులూ ఆగండి. సమాచారంలో కాగ్నిజబుల్ నేరం కనపడితే కేసు కట్టి తీరాలని 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. భార్యాభర్తల తగాదాలు, వ్యాపార లావాదేవీలు, వైద్యుల నిర్లక్ష్యం, అవినీతి, బాగా ఆలస్యంగా వచ్చిన ఫిర్యాదులు వంటి వాటిలోనే ముందు విచారణకు చోటు ఇచ్చింది.

ఇంకోవైపు కూడా చూడాలి. బూతులు తిట్టడం, చెంపదెబ్బ, గాయం తేలని తోపులాట లాంటివి చాలావరకు నాన్-కాగ్నిజబుల్. వాటికి స్టేషన్‌లో డైరీలో రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళమంటే వాళ్ళు తప్పు చేసినట్టు కాదు. అయిదు వేల రూపాయల లోపు సొత్తు దొంగతనం కూడా కొత్త చట్టంలో నాన్-కాగ్నిజబుల్ అయింది. అలాంటి సంగతుల్లో ఎస్.పి.కి రాసినా ఫలితం తక్కువ. అలాగని చెంపదెబ్బని హత్యాయత్నంగా మార్చి రాయకండి. అబద్ధపు సమాచారం ఇవ్వడం దానికదే నేరం. అదీగాక ఆసుపత్రి కాగితంలో లేని దెబ్బ మీ అర్జీలో ఉంటే, రేపు కోర్టులో అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

ఇక ఏ ఎస్.పి.కి రాయాలి? ఇది చిన్న సంగతిలా కనపడుతుంది గానీ మన దగ్గర పొరపాటు పడేది ఇక్కడే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యం జిల్లాకి పోయాయి. విజయనగరంలో ఉండే సాలూరు, కురుపాం, పార్వతీపురం కూడా మన్యంలోకే వెళ్ళాయి. పెద్దవాళ్ళు ఇప్పటికీ రాజాన్ని సిక్కోలు జిల్లా అనే అంటారు. ఆధార్ కార్డు మీద పాత జిల్లా పేరే ఉండొచ్చు. మీరు చూడాల్సింది మీ ఇల్లు ఏ జిల్లాలో ఉందని కాదు, సంఘటన జరిగిన చోటు ఏ స్టేషన్ కిందికి వస్తుంది, ఆ స్టేషన్ ఏ జిల్లాదని. మన రైతు విజయనగరం ఎస్.పి.కి రాయాలి.

ఉత్తరం ఇలా ఉంటే చాలు:

విజయనగరం జిల్లా పోలీసు సూపరింటెండెంట్ గారికి,
జిల్లా పోలీసు కార్యాలయం, విజయనగరం.

ఫిర్యాదుదారు: (పేరు), తండ్రి (పేరు), వయసు 52, వ్యవసాయం, (ఊరు), (మండలం). ఫోన్: ……

విషయం: 12-09-2025న నన్ను పార కర్రతో కొట్టి చెయ్యి విరగ్గొట్టిన నేరంపై …… పోలీసు స్టేషన్‌లో కేసు నమోదు చేయనందున, భారతీయ నాగరిక సురక్షా సంహిత 173(4) సెక్షను కింద ఇచ్చుకొను ఫిర్యాదు.

అయ్యా,

12-09-2025 శుక్రవారం ఉదయం సుమారు 6:30 గంటలకు మా ఊరి తూర్పు వైపు చెరువు కింద ఉన్న నా వరిమడికి నీరు కట్టుకోవడానికి ఒక్కడినే వెళ్ళాను. పక్క మడిలో మా చిన్నాన్న కొడుకు (పేరు), వయసు సుమారు 40, పారతో గట్టు తవ్వుతూ ఉన్నాడు. ఎందుకు తవ్వుతున్నావని అడిగాను. అతను నన్ను తిట్టి, చేతిలోని పార తిరగేసి, దాని కర్రతో నా ఎడమ ముంజేతి మీద ఒకసారి, వీపు మీద ఒకసారి కొట్టాడు. నేను కిందపడి కేకలు వేస్తే, దగ్గర మళ్ళలో ఉన్న (పేరు), (పేరు) పరుగున వచ్చి అడ్డుపడ్డారు. వారిద్దరూ కొట్టడం చూశారు. అతను పార తీసుకుని వెళ్ళిపోయాడు.

అదే రోజు ఉదయం సుమారు 8:30కి మా అబ్బాయి నన్ను …… ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. అక్కడ ఎక్స్‌రే తీసి ముంజేయి ఎముక విరిగిందని చెప్పి కట్టు వేశారు. ఎవరు కొట్టారో డాక్టరు గారికి చెప్పాను. ఆసుపత్రిలో రాసిన మెడికో-లీగల్ కేసు, అంటే ఎమ్.ఎల్.సి. నంబరు …….

మా మధ్య గట్టు విషయంలో తగాదా ఉన్నది. దాని గురించి నేను ఈ ఫిర్యాదులో ఏమీ కోరడం లేదు. నన్ను కొట్టి గాయపరచిన నేరం గురించి మాత్రమే ఈ ఫిర్యాదు.

13-09-2025 ఉదయం సుమారు 11 గంటలకు …… పోలీసు స్టేషన్‌కి వెళ్ళి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. అక్కడ ఉన్న అధికారి ఇది సివిల్ తగాదా అని చెప్పి కేసు నమోదు చేయలేదు, రసీదు ఇవ్వలేదు. 15-09-2025న మళ్ళీ వెళ్ళగా అదే చెప్పారు. 16-09-2025న అదే ఫిర్యాదును స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి పోస్టు ద్వారా పంపాను. ఈ రోజు వరకు కేసు నమోదు కాలేదు.

కావున తమరు దయతో నా ఫిర్యాదుపై కేసు నమోదు చేయించి, దర్యాప్తు జరిపించి, ఎఫ్.ఐ.ఆర్. ప్రతి నాకు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
(సంతకం) తేదీ: 18-09-2025

జతపరచినవి: స్టేషన్‌కి ఇచ్చిన ఫిర్యాదు ప్రతి, పోస్టు రసీదు నకలు, ఆసుపత్రి ఓ.పి. చీటీ, ఎక్స్‌రే నకలు.

ఇందులో నేరం సెక్షన్లు రాయలేదని గమనించే ఉంటారు. అది కావాలనే. ఏ సెక్షను పడుతుందో తేల్చే బాధ్యత ఫిర్యాదిది కాదు. తప్పు సెక్షను రాస్తే వాదన దాని చుట్టూ తిరుగుతుంది. 173(4) అన్న ఒక్కటి ఉంటే చాలు, ఇది మామూలు అర్జీ కాదని తపాలు చూసేవాళ్ళకి తెలుస్తుంది.

గట్టు తగాదా ఉందని దాచకుండా ఒప్పుకున్న ముక్క ఈ ఉత్తరానికి ప్రాణం. దాచితే ఎస్.ఐ. ఇచ్చే రిపోర్టులో అదే మొదటి వాక్యంగా వస్తుంది. మనమే చెప్పి, దాన్ని పక్కన పెట్టేస్తే ఆ రిపోర్టుకు పదును పోతుంది.

తేదీల వరుస కూడా ఊరికే పెట్టలేదు. కేసు ఆలస్యంగా ఎందుకు నమోదైందని రేపు కోర్టులో తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది. అలాగే స్టేషన్‌లో ఇచ్చిన మొదటి కాగితానికీ దీనికీ సంఘటన వివరాల్లో తేడా రాకూడదు. మొదట రెండు దెబ్బలని రాసి ఇక్కడ అయిదు దెబ్బలనో, మొదట ఒక్కడే అని ఇక్కడ అతని తమ్ముడిని కూడా కలిపో రాస్తే, ఉన్న నిజం కూడా పలచబడుతుంది. కోపంలో ఇంట్లోవాళ్ళు చేసే సలహా ఎక్కువగా ఇదే: ‘వాడి పెళ్ళాన్ని, బావమరిదిని కూడా పెట్టేయ్.’ వినకండి.

ఎస్.ఐ. పేరు తెలిస్తే రాయొచ్చు, తెలియకపోతే ‘అక్కడ ఉన్న అధికారి’ సరిపోతుంది. డబ్బు అడిగారన్న ఆరోపణ ఉంటే దాన్ని ఈ ఉత్తరంలో కలపవద్దని నా అభిప్రాయం. అది ఏ.సి.బి.కి వేరే చెప్పుకోవాల్సిన సంగతి. ఇందులో కలిపితే ఉత్తరం మొత్తం ఆ అధికారి మీద శాఖాపరమైన విచారణ వైపు మళ్ళి, మీ చెయ్యి సంగతి వెనక్కి పోతుంది.

రెండు సందర్భాల్లో ఒక్కో వాక్యం కలపండి. బాధితురాలు స్త్రీ అయి, అది అత్యాచారం, లైంగిక దాడి వంటి నేరమైతే, సమాచారం నమోదు చేయని ప్రభుత్వోద్యోగికి ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ళ వరకు కఠిన శిక్ష వేయవచ్చని భారతీయ న్యాయ సంహిత 199 చెబుతోంది. బాధితులు ఎస్సీ, ఎస్టీలై అట్రాసిటీ చట్టం కింద వచ్చే నేరమైతే, ఆ చట్టంలోని 18ఎ ప్రకారం ఎఫ్.ఐ.ఆర్. కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. సీతంపేట, కురుపాం వైపు గిరిజనులకి ఈ రెండోది తెలిసి ఉండటం మంచిది.

పంపడం పోస్టులోనే. చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉంది. 2025 సెప్టెంబరు 1 నుంచి పాత రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్లో స్పీడ్ పోస్టు అడిగి, దానికి రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు కూడా కావాలని చెప్పండి. రసీదు మీద అచ్చు కొన్నాళ్ళకి మాసిపోతుంది, ఆ రోజే జిరాక్సు తీయించండి. ట్రాకింగులో ‘డెలివర్డ్’ అని వచ్చిన పేజీని కూడా ప్రింటు తీసి పెట్టుకోండి.

సోమవారం ఎస్.పి. ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి కూడా వెళ్ళొచ్చా అంటే, వెళ్ళండి. నేరుగా చెప్పుకుంటే ఒక్కోసారి అక్కడి నుంచే స్టేషన్‌కి ఫోన్ పోతుంది. అయితే అక్కడిచ్చిన అర్జీ మామూలుగా ఎండార్సు అయి అదే స్టేషన్‌కి తిరిగొస్తుంది, కొన్నాళ్ళకి ‘పరిష్కరించబడినది’ అని మూతపడే ప్రమాదమూ ఉంది. దాన్ని పోస్టులో పంపిన ఉత్తరానికి తోడుగా వాడుకోండి, బదులుగా కాదు. వెళ్ళినప్పుడు అదే ఉత్తరం నకలు ఇచ్చి, పోస్టు రసీదు చూపించండి.

తరవాత సాధారణంగా జరిగేది ఒకటుంది. స్టేషన్ నుంచి కానిస్టేబులు ఫోన్ చేసి రమ్మంటారు. వెళ్ళండి, ఒంటరిగా కాకుండా సాక్షిని గానీ ఊళ్ళో చదువుకున్న మనిషిని గానీ తోడు తీసుకెళ్ళండి. స్టేట్‌మెంటు అంటే చెప్పండి. ‘ఇద్దరూ మాట్లాడుకున్నాం, ఇక తగాదా లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టమంటే, నిజంగా రాజీ పడితే తప్ప పెట్టకండి. చదవకుండా దేని మీదా పెట్టకండి. ఆ ఒక్క కాగితంతో మీ అర్జీ మూతపడుతుంది, మళ్ళీ తెరిపించడం కష్టం. కేసు కడితే ఎఫ్.ఐ.ఆర్. ప్రతి తీసుకుని, మీరు చెప్పిన సంఘటన అందులో ఉందా, చెయ్యి విరిగిన మాట ఉందా చూసుకోండి. మామూలు గాయం సెక్షన్లే ఉంటే ఎక్స్‌రే నకలు జతచేసి దర్యాప్తు అధికారికి మరో కాగితం ఇవ్వండి. ఆసుపత్రి నుంచి గాయాల సర్టిఫికెట్ వచ్చాక సెక్షన్లు మార్చే వీలుంది.

ఎస్.పి. ఎన్నాళ్ళలో స్పందించాలో చట్టం గడువు పెట్టలేదు. ఉత్తరం అందిన తరవాత రెండు వారాలు చూడటం సబబు అంటాను నేను. సాక్ష్యం చెడిపోయే సంగతైతే అంత కూడా ఆగక్కర్లేదు. అప్పటికీ కదలిక లేకపోతే తరవాతి మెట్టు అదే సంహితలోని 175(3) కింద మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు. దానితో ప్రమాణపత్రం, అంటే అఫిడవిట్ జతచేయాలి. ముందు స్టేషన్‌కి, తరవాత ఎస్.పి.కి వెళ్ళారా అన్నది కోర్టు చూస్తుంది, 2015లో ప్రియాంకా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఇప్పుడు కొత్త చట్టంలో మేజిస్ట్రేటు పోలీసుల మాట కూడా విని ఉత్తర్వు ఇస్తారు. మీరు దాచుకున్న రెండు పోస్టు రసీదులు, ట్రాకింగు పేజీ, ఆసుపత్రి చీటీ పనికొచ్చేది అక్కడే. నేరుగా హైకోర్టులో రిట్ వేద్దామని కొందరు తొందరపడతారు. కేసు కట్టలేదన్న ఫిర్యాదుకి ముందు ఎస్.పి., తరవాత మేజిస్ట్రేటు ఉండగా హైకోర్టులు ఇలాంటివి మామూలుగా తీసుకోకూడదని 2007లోనే సకిరి వాసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బూ, కాలమూ రెండూ పోతాయి.

లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి దరఖాస్తు పెట్టండి, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. స్త్రీలకీ, ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా లాయరుని ఉచితంగా ఇస్తారు. మిగతావాళ్ళలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. వెళ్ళేటప్పుడు ఎస్.పి. గారికి రాసిన ఉత్తరం నకలు పట్టుకెళ్ళండి, దరఖాస్తు రాసే లాయరుకి కావాల్సిన సంఘటన అంతా అందులోనే ఉంటుంది.